నాలుగు వాక్యాల ప్రణాళిక, ఏడు తేదీల ప్రణాళిక
(వార్షిక సభలో కార్యవర్గం తరపున చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల్లో చాలామంది తమ ఊళ్లో ఏదో ఒక మంచి పని మొదలుపెట్టాలని ప్రతిపాదనలు రాస్తున్నారు. దాతల దగ్గరికి పంపే ముందు ఒకసారి చూడమని మాకు ఇస్తున్నారు. చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. పని ఎందుకు కావాలో అందరూ బాగా రాస్తారు. అది మన బతుకే కాబట్టి రాయడం కష్టం కాదు. ఖర్చుల లెక్క కూడా ఏదో విధంగా కుదురుతుంది. తేలిపోయేది మధ్యలో ఉండే పని ప్రణాళిక దగ్గరే. ఏ పని, ఎవరు, ఎప్పటికి, ఏం చూపిస్తారు, అడ్డం వస్తే ఏం చేస్తారు అన్న భాగం అది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. ఒక్క ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి వరకు నడుద్దాం.

జగిత్యాల జిల్లా మిత్రులు కొందరు ఒక ప్రతిపాదన రాశారు. సంఘం పేరు ఇక్కడ అక్కర్లేదు. గల్ఫ్‌కు బయల్దేరే వాళ్ల వీసా, ఒప్పందం, ఏజెంటు లైసెన్సు, బీమా కాగితాలు విమానం ఎక్కకముందే చూసిపెట్టే కేంద్రం ఒకటి పెట్టాలన్నది వాళ్ల ఆలోచన. హైదరాబాద్‌లోని ఒక దాతృత్వ ట్రస్టును 12 నెలలకు 6,00,000 రూపాయలు అడగాలనుకున్నారు. ఆలోచన మంచిది. విజిట్ వీసా మీద పనికి వచ్చి ఇరుక్కున్న వాళ్లు మన క్యాంపుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ కాగితాన్ని ఊళ్లోనే ఒకరు చదివి చెప్పి ఉంటే సగం కష్టం అక్కడే ఆగేది.

వాళ్లు రాసిన పని ప్రణాళిక ఇలా ఉంది:

మొదటి మూడు నెలలు: గ్రామాల్లో విస్తృతంగా అవగాహన కల్పించడం.
తర్వాతి మూడు నెలలు: కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం.
ఆ తర్వాత మూడు నెలలు: కేంద్రం ద్వారా సేవలు అందించడం.
చివరి మూడు నెలలు: సమీక్ష, నివేదిక.
లబ్ధిదారులు: 5,000 మంది.
ఇబ్బందులు: ప్రజల సహకారం లేకపోవచ్చు, నిధులు ఆలస్యం కావచ్చు. తగిన చర్యలు తీసుకుంటాం.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ దాత వచ్చి తనిఖీ చేయగల విషయం కూడా ఒక్కటీ లేదు.

మనలో చాలామంది సైటు మీద పనిచేసే వాళ్లమే, అందుకే సైటు లెక్కలోనే చూద్దాం. స్లాబు పోయాలంటే షట్టరింగు పూర్తవ్వాలి, కడ్డీ కట్టాలి, కన్సల్టెంటు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే కాంక్రీటు పోస్తారు. పోసినప్పుడు తీసిన క్యూబులను 7వ రోజు ఒకసారి, 28వ రోజు ఒకసారి పగలగొట్టి బలం చూస్తారు. ఏ ఫోర్‌మన్ కూడా ప్రోగ్రాములో ‘మార్చి నెలలో విస్తృతంగా కాంక్రీటు పోయుట’ అని రాయడు. ఏ అంతస్తు, ఏ భాగం, ఏ రోజు పోత, ఏ రోజు క్యూబ్ రిపోర్టు అని రాస్తాడు. మనం రోజూ ఇలాగే పనిచేస్తాం. ప్రతిపాదన రాసేటప్పుడు మాత్రం మర్చిపోతాం.

ముందు అంకెను కిందికి దించాలి

తేదీల కంటే ముందు ఆ 5,000 సంగతి తేల్చాలి. రాసిన తమ్ముణ్ని అడిగాం. ‘పెద్ద అంకె రాస్తేనే గదా అన్నా పైసలిస్తరు’ అన్నాడు. అతని మాటలో నిజం కొంత ఉంది. కానీ ఆ అంకె తర్వాత పనిని ఏం చేస్తుందో చూడండి.

కేంద్రంలో ఇద్దరు మనుషులు. వారానికి రెండు రోజులు, ఆదివారం, బుధవారం తెరుస్తారు. ఒక మనిషి కాగితాలు సరిగ్గా చూడాలంటే ఎంతసేపు పడుతుంది? పాస్‌పోర్టు ఈసీఆర్ అవునా కాదా చూడాలి. వీసా ఉద్యోగ వీసానా, విజిట్ వీసానా చూడాలి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతకాలి. ఒప్పందంలో జీతం ఎంత, ఏజెంటు నోటితో చెప్పింది ఎంత అని పక్కపక్కన పెట్టాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉందో లేదో అడగాలి. ఏజెంటుకు ఎంత కట్టారు, రశీదు ఉందా అని కనుక్కోవాలి, ఎందుకంటే నిబంధనల ప్రకారం సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. ఇదంతా తెలిసింది చెప్పి, రిజిస్టరులో రాసి పంపడానికి 45 నిమిషాలు పడుతుంది.

భోజనం సమయం పోగా రోజుకు 5 గంటలు. ఒకరు 6గురిని చూడగలరు. ఇద్దరు కలిస్తే 12 మంది, వారానికి 24. నవంబరు నుంచి మే ఆఖరు దాకా సుమారు 30 వారాలు. సంక్రాంతికి ఒక వారం, అనుకోని సెలవులకు ఒక వారం తీసేస్తే 28. అంటే ప్రతి కుర్చీ ప్రతి గంటా నిండినా 672 మందికి మించి చూడలేరు. కొత్త కేంద్రంలో కుర్చీలు మొదటి రోజు నుంచే నిండవు. కాబట్టి సగానికి కాస్త పైన వేసుకుని 350 అని రాయించాం.

5,000 నుంచి 350కి దిగితే దాత వెనక్కి పోతాడేమోనని వాళ్లకు భయం. మాకు భయం వేరే. 5,000 అని సంతకం పెట్టినవాళ్లు మార్చి నెల వచ్చేసరికి ఏం చేస్తారు? లెక్క నిండాలి కాబట్టి ఊరూరా మీటింగులు పెట్టి సంతకాలు తీసుకుంటారు. ఆదివారం కేంద్రంలో కూర్చోవాల్సిన ఇద్దరూ మైకు పట్టుకుని తిరుగుతుంటారు. అదే ఆదివారం విజిట్ వీసా కాగితం చేతిలో పెట్టుకుని వచ్చిన పిల్లోడికి తలుపు తాళం కనిపిస్తుంది. అంకె తప్పయితే దెబ్బ దాతకు కాదు, ఆ పిల్లోడికి తగులుతుంది. 350 మంది అంటే ఒక్కొక్కరికి సుమారు 1,700 రూపాయలు. ఆ 1,700కు ఆ మనిషికి దొరికేది 45 నిమిషాల పరిశీలన అని రాస్తే ఏ దాతకైనా అర్థమవుతుంది.

మైలురాయి అంటే పని కాదు, పని అయిపోయిన స్థితి

‘శిక్షణ ఇవ్వడం’ మైలురాయి కాదు. అది జరుగుతూనే ఉంటుంది, ఎప్పుడు ముగిసిందో ఎవరూ చెప్పలేరు. ‘సెప్టెంబరు 27 నాటికి 24 ఊళ్ల నుంచి 24 మంది శిక్షణ పూర్తి చేశారు, వాళ్లలో కనీసం 18 మంది రెండు నమూనా వీసాల్లోని తేడాను సరిగ్గా పట్టుకున్నారు’ అంటే అది మైలురాయి. ఆ రోజు అయ్యిందో లేదో పరాయివాడు వచ్చి చూసినా చెప్పగలడు.

ప్రతి మైలురాయి పక్కన చేతికిచ్చే వస్తువు ఒకటి ఉండాలి. దాతలు దాన్నే డెలివరబుల్ అంటారు. శిక్షణకు హాజరు పట్టీ ఒక్కటే చాలదు. ఎంతమంది వచ్చారో అది చెబుతుంది, ఎంతమందికి వచ్చిందో చెప్పదు. అందుకే ఆ 24 మంది రాసిన నమూనా వీసా పరీక్ష కాగితాలు కూడా పెట్టమన్నాం. హాజరు పట్టీ కాంక్రీటు డెలివరీ నోటు లాంటిది, పరీక్ష కాగితం క్యూబ్ రిపోర్టు లాంటిది.

ఈ పద్ధతిలో 2026 జూలై 1 నుంచి 2027 జూన్ 30 దాకా వాళ్ల ప్రణాళికను తిరగరాస్తే నాలుగు వాక్యాలు ఏడు తేదీలయ్యాయి.

1. జూలై 31: మండల కేంద్రంలో గది కుదిరింది, ఇద్దరు సిబ్బంది చేరారు, మూడో మనిషి రోజుకూలి మీద ఒప్పుకున్నాడు. చూపించేవి: అద్దె కాగితం, నియామక పత్రాలు, పరిశీలన ఫారం మొదటి ప్రతి.

2. ఆగస్టు 31: ఆ ఫారంతో 20 మంది నిజమైన కాగితాలు చూశారు. చూపించేవి: పేర్లు, నంబర్లు కప్పేసిన 20 ఫారాలు, ఏ ప్రశ్న ఎందుకు మార్చారో చెప్పే ఒక పేజీ, సరిదిద్దిన రెండో ప్రతి.

3. సెప్టెంబరు 27, ఆదివారం: 24 ఊళ్ల మహిళా సంఘాల నుంచి ఒక్కొక్కరికి శిక్షణ పూర్తయింది. చూపించేవి: హాజరు పట్టీ, పరీక్ష కాగితాలు.

4. నవంబరు 1, ఆదివారం: కేంద్రం తెరిచింది. చూపించేవి: మొదటి రెండు వారాల రిజిస్టరు పేజీలు, వ్యక్తిగత వివరాలు లేకుండా.

5. జనవరి 31: 100 మంది కాగితాలు చూడటం పూర్తయింది. చూపించేది: ఎంతమంది కాగితాల్లో ఏ లోపం కనిపించిందో చెప్పే ఒక పేజీ పట్టిక.

6. మే 31: మొత్తం 350 మంది పరిశీలన పూర్తయింది. అక్కడికి వెళ్లి 60 రోజులు దాటిన 80 మందికి ఫోన్లు చేశారు, కనీసం 40 మందితో మాట్లాడారు. చూపించేవి: రెండో పట్టిక, ‘ఒప్పందంలో ఉన్న జీతమే వస్తోందా’ అన్న ప్రశ్నకు జవాబుల లెక్క.

7. జూన్ 30: చివరి నివేదిక, ఆడిట్ చేసిన లెక్కలు దాత చేతికి అందాయి.

రెండో మైలురాయి గురించి ఒక మాట. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా కేంద్రం తెరుస్తారు. ఫారంలో ప్రశ్న అర్థం కాకపోతే, 45 నిమిషాలు అనుకున్నది గంటన్నర పడితే, అది ఆగస్టులో 20 మంది దగ్గర తెలియడం మేలు. గంటన్నర పడితే 350 అన్న అంకె కూడా అక్కడే సవరించుకోవచ్చు.

ఆరో మైలురాయిలో మన వంతు ఉంది. ఫోన్లు చేసేది ఇక్కడున్న మన సభ్యులే. ఆ అంకె కూడా అలాగే కింది నుంచి కట్టాం. 5గురు సభ్యులు, వారపు సెలవు రోజున తలా 2 గంటలు. మాట్లాడి రాసుకోవడానికి ఒక ఫోనుకు 20 నిమిషాలు. అంటే ఒకరికి 6, అందరికీ 30. ఏప్రిల్, మే నెలల్లో 8 సెలవు రోజులకు 240 ప్రయత్నాలు. డ్యూటీలో ఉన్న మనిషి మొదటిసారే ఫోను ఎత్తడు కాబట్టి మనిషికి 3 ప్రయత్నాలు, 80 మంది. అందులో సగం మంది దొరుకుతారని 40. కొత్త సిమ్ తీసుకోగానే పాత నంబరు పోతుంది, అందుకే ఇంట్లో వాళ్ల నంబరు కూడా రిజిస్టరులో రాసుకోవాలి. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి మామూలు ఫోను ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

తేదీలు ఎక్కడి నుంచి వచ్చాయి

పాత ప్రణాళికలో తేదీలన్నీ మూడేసి నెలల గళ్లు. అంటే కేలండరును నాలుగు ముక్కలు చేశారంతే. మనుషులు ఆ గళ్లలో బతకరు. అక్కడి ఊళ్లకు ఒక కేలండరు ఉంది, ఇక్కడి క్యాంపులకు ఒక కేలండరు ఉంది. రెండూ పక్కన పెట్టుకుని తేదీలు వేయాలి.

ఊళ్లో జూలై, ఆగస్టుల్లో వరి నాట్లు ఉంటాయి. ఆడవాళ్లకు పగలు తీరదు. 2026లో దసరా అక్టోబరు 20న. దానికి ముందు తొమ్మిది రోజులు బతుకమ్మ. అది అయ్యాక వరి కోతలు. అందుకే మహిళా సంఘాల శిక్షణ నాట్లకు, బతుకమ్మకు మధ్య సెప్టెంబరులో పడింది. కేంద్రం తెరవడం దసరా దాటాక పెట్టాం.

ఇక్కడ 2027లో రంజాన్ సుమారు ఫిబ్రవరి 8న మొదలై మార్చి రెండో వారం దాకా ఉంటుంది. డ్యూటీ వేళలు మారిపోతాయి. యూఏఈలో జూన్ 15 నుంచి మధ్యాహ్నం ఎండ పని నిషేధం మొదలవుతుంది, చాలా సైట్లలో పని తెల్లవారకముందే మొదలవుతుంది, సాయంత్రానికి మనిషి పడుకుంటాడు. కాబట్టి ఫోన్లకు మిగిలింది ఏప్రిల్, మే. ఇది మా ఇష్టం కొద్దీ పెట్టిన తేదీ కాదు.

ఇప్పుడు దాత అడిగే ప్రశ్న ఒకటి: ‘మేం డబ్బు ఒక నెల ఆలస్యంగా ఇస్తే?’ పాత కాగితం ప్రకారం అన్నీ ఒక నెల జరుగుతాయంతే. నిజంగా అలా జరగదు. ఆగస్టు 1న డబ్బు పడితే గది, సిబ్బంది ఆగస్టు ఆఖరుకు, ఫారం పరీక్ష సెప్టెంబరు ఆఖరుకు వస్తాయి. శిక్షణ అక్టోబరులో పడుతుంది. అప్పుడు బతుకమ్మ, దసరా, ఆ వెంటనే కోతలు. 24 మంది ఒకచోట కూడాలంటే నవంబరు 29 దాకా ఆగాలి. కేంద్రం తెరిచేది డిసెంబరు 20. ఒక నెల ఆలస్యం ఏడు వారాలైంది. 28 వారాలు 21 అయ్యాయి. 350 కూడా 260కి దిగింది.

ఈ లెక్కను దాచుకోవద్దు, ప్రణాళికలోనే రాయండి అన్నాం. ‘నిధులు జూలై 10 లోపు అందితే ఈ తేదీలు. ఆగస్టుకు జరిగితే కేంద్రం డిసెంబరు 20న తెరుచుకుంటుంది, లక్ష్యం 260.’ ఇలా రాస్తే బెదిరింపు అవుతుందేమోనని అడిగారు. కాదు. దాత తన ఆఫీసులో ఫైలును తొందరగా కదిలించడానికి అది అతనికే పనికొస్తుంది.

డబ్బు వాయిదాలు కూడా తేదీలకు సంబంధించిన విషయమే. ట్రస్టు వాళ్ల ఆనవాయితీ మొదట 40 శాతం, సగం పని అయ్యాక 40, చివర 20. పాత కాగితంలో రెండో వాయిదా జనవరి నివేదిక తర్వాత అని ఉంది. లెక్క వేసి చూశాం. సిబ్బంది, అద్దె, ప్రయాణం, ఫోన్లు కలిపి నెలకు 41,000. మొదటి వాయిదా 2,40,000. జూలై నుంచి నవంబరు దాకా అయిదు నెలలకు 2,05,000, శిక్షణకు 35,000. నవంబరు ఆఖరుకు ఖాతా సున్నా. జనవరి 31న నివేదిక ఇచ్చి, వాళ్లు చూసి డబ్బు పంపేసరికి మార్చి. మధ్యలో మూడు నెలలు జీతం లేకుండా ఆ ఇద్దరూ కూర్చోవాలి. జీతం ఆగితే మనిషికి ఏమవుతుందో ఈ సభలో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే రెండో వాయిదాను మూడో మైలురాయికి, అంటే సెప్టెంబరు 27కు కట్టించాం. నెల పట్టినా నవంబరు మొదట్లో డబ్బు చేతికొస్తుంది. చివరి 20 శాతంలో 15 జనవరి మైలురాయికి, మిగతా 5 చివరి నివేదికకు అడిగాం.

డబ్బు దారి కూడా ఒక్క వాక్యంలో రాయించాం: హైదరాబాద్ ట్రస్టు నుంచి జగిత్యాలలో రిజిస్టరైన సంఘం ఖాతాకే వెళ్తుంది, గల్ఫ్‌లో పైసా వసూలు ఉండదు. యూఏఈలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం చట్టప్రకారం నేరం. వాట్సాప్ గ్రూపులో అడిగినా అంతే. మన సభ్యుల వంతు ఫోన్లు చేయడం, కాగితాలు చదవడంలో సాయపడటం వరకే.

ఇబ్బంది పక్కన గుర్తు, గుర్తు పక్కన చేసే పని

‘ప్రజల సహకారం లేకపోవచ్చు, తగిన చర్యలు తీసుకుంటాం’ అనే వాక్యాన్ని ఏ ప్రతిపాదనలో పెట్టినా సరిపోతుంది. అందుకే అది దేనికీ సరిపోదు. ఇబ్బంది రాస్తే మూడు రాయాలి. ఏం జరగొచ్చు, జరుగుతోందని ఏ అంకె చూసి తెలుస్తుంది, అప్పుడు ఎవరు ఏం చేస్తారు. ఈ పనిలో నిజంగా వచ్చే ఇబ్బందులు మూడు తేలాయి.

మొదటిది, సిబ్బందే గల్ఫ్‌కు వెళ్లిపోవడం. నవ్వకండి. ఆ జిల్లాలో 15,000 జీతానికి పార్ట్‌టైం చేసే చురుకైన కుర్రాడు ఎప్పుడు వీసా వస్తే అప్పుడు వెళ్తాడు. ఒక్కడు వెళ్తే వారానికి 24 కాస్తా 12 అవుతుంది. అందుకే మూడో మనిషిని మొదటి నెల నుంచే తయారుగా పెట్టాం. శిక్షణలో కూర్చుంటాడు, నెలకు రెండు రోజులు కేంద్రంలో పనిచేస్తాడు, రోజుకూలి ఇస్తారు. ఒకరు మానేస్తానని చెప్పిన రోజే ఇతను కుర్చీలోకి వస్తాడు. సంఘం కార్యదర్శి రెండు వారాల్లో ఇంకో మూడో మనిషిని వెతకాలి.

రెండోది, జనం మరీ ఆలస్యంగా రావడం. ఏజెంటుకు డబ్బు కట్టేసి, టికెట్టు చేతికొచ్చాక, రేపు విమానం అనగా వస్తే కేంద్రం ఏం చేయగలదు? లోపం చూపించగలదు, కానీ అప్పటికే అప్పు చేసిన మనిషి ఆగడు. లక్ష్యం 350 నిండుతుంది, ఒక్కరికీ మేలు జరగదు. దీన్ని పట్టుకోవడానికి రిజిస్టరులో ఒక్క గడి చేర్పించాం: ఈ రోజుకు, ప్రయాణం తేదీకి మధ్య ఎన్ని రోజులు? నెల ఆఖరున చూస్తే, వచ్చినవాళ్లలో సగం కంటే ఎక్కువమంది వారం లోపు ప్రయాణం ఉన్నవాళ్లే అయితే అది గుర్తు. అప్పుడు 24 ఊళ్ల అక్కలు వీసా వచ్చిన ఇళ్లకు కాకుండా, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన ఇళ్లకు వెళ్లాలి. మగవాళ్లకు మైకులో చెప్పడం కంటే, బీడీలు చుట్టే చోట కూర్చుని అమ్మతో, భార్యతో మాట్లాడితే సంగతి ముందే తెలుస్తుంది. ఆ మార్పు నిర్ణయించేది సమన్వయకర్త, తర్వాతి నెల మొదటి ఆదివారానికి.

మూడోది, ఏజెంట్లతో గొడవ. కేంద్రంలో కూర్చున్నవాడు ‘ఈ ఏజెంటు దొంగ’ అన్నాడంటే సాయంత్రానికి ఆ మాట ఏజెంటుకు చేరుతుంది. తగాదా కావచ్చు, కేసు కావచ్చు. అందుకే ఏం అనాలో ఫారంలోనే రాయించాం: ‘ఈ నంబరు ఈ-మైగ్రేట్‌లో కనిపించలేదు. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగండి.’ చూసింది చెప్పాలి, తీర్పు చెప్పకూడదు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు కేంద్రంలో ఉంచుకోకూడదు, చూసి అక్కడే తిరిగి ఇచ్చేయాలి. బెదిరింపు ఒక్కటి వచ్చినా కార్యదర్శి అదే రోజు రాసి పెట్టి, రెండు రోజుల్లో దాతకు తెలపాలి.

నాలుగోది కూడా ఒకటి ఉంది, కానీ దానికి మందు లేదు. ఏజెంటు లేకుండా బావమరిదో, మేనమామో పంపిన ఆజాద్ వీసా మీద వెళ్లేవాళ్లు. చుట్టం పంపిన కాగితాన్ని అనుమానించి కేంద్రానికి తెచ్చేవాళ్లు తక్కువ. తెచ్చినా, ఒప్పందంలో లేని చోట పనిచేయాల్సి వస్తుందని మాత్రమే చెప్పగలం. దీనికి ‘తగిన చర్యలు’ అని రాయొద్దన్నాం. ‘ఈ పథకం వీళ్లను ఆపలేదు, ఎంతమంది వచ్చారో మాత్రం లెక్క పెడుతుంది’ అని రాయించాం. దాత చదివి ముందు దీని దగ్గరే ఆగాడట. చేయలేనిది రాసినవాళ్లు మిగతాది చేస్తారనిపించిందని ఆ మిత్రులతో అన్నాడట.

పంపే ముందు రెండు పరీక్షలు

ఒకటి, ఈ పనితో సంబంధం లేని మనిషికి కాగితం ఇచ్చి అడగండి: ‘జనవరి 31న నువ్వు జగిత్యాల వెళ్తే ఏం కనిపించాలి?’ అతను ‘రిజిస్టరులో 100 పేర్లు, ఒక పేజీ పట్టిక’ అని చెప్పగలిగితే ఆ వరస బాగుంది. ‘అవగాహన పెరిగి ఉండాలి’ అంటే ఆ వరస తిరగరాయాలి.

రెండోది ఇంకా ముఖ్యం. ప్రణాళికలో ఎవరి మీద పని పెట్టారో వాళ్లకు చదివి వినిపించండి. జగిత్యాల మిత్రులు అలాగే శిక్షణకు రావాల్సిన ఇద్దరు అక్కలకు చదివి వినిపించారు. తేదీ వినగానే ఒకామె, పొద్దున పది గంటలకు రాలేం, పొద్దటి బీడీల పని అయ్యాక ఒంటిగంటకు పెట్టండి అని చెప్పింది. శిక్షణ ఒక రోజులో కాదు, రెండు మధ్యాహ్నాల్లో జరగాలి. అలా సెప్టెంబరు 20, 27 రెండు ఆదివారాలయ్యాయి. ఆఫీసులో కూర్చుని రాసేవాడికి ఈ సంగతి ఎన్నటికీ తట్టదు.

ఇప్పుడు మీ దగ్గరున్న ముసాయిదాలు తీయండి. ఒక్క మైలురాయి తీసుకుని తేదీ, అంకె, చూపించే కాగితం, ఎవరి పని అనే నాలుగూ రాసి తెచ్చినవాళ్లతో మేం పై నెల మీటింగులో కూర్చుంటాం. మొత్తం ప్రణాళిక తేనక్కర్లేదు, ఆ ఒక్క వరస చాలు. మిగతావి కలిసి రాద్దాం.